నెలాఖరు డబ్ల్యూఐపీ, వేరియన్స్ సెటిల్‌మెంట్: ఒక కారం ఆర్డర్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా

నేను గుంటూరు దగ్గర ఒక కారం ఫ్యాక్టరీలో కాస్టింగ్ చూస్తాను, ఎస్‌ఏపీలో. ప్రతి నెలా మొదటి మూడు రోజులు నాకు ఫోన్లు ఆగవు, దాదాపు అన్నీ ఒకే ప్రశ్న తిప్పితిప్పి అడిగేవే. "ఈ ఆర్డర్ మీద ఇంకా లక్ష ఎందుకు చూపిస్తంది", "వేరియన్స్ ఎందుకు రాలేదు", "సెటిల్ చేశాను కదా, బ్యాలెన్స్ జీరో ఎందుకు కాలేదు". అందుకే ఒకే ఒక్క ప్రొడక్షన్ ఆర్డర్ తీసుకుని మార్చిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసే దాకా దాని వెనకే నడుద్దాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రంగా వేశాను, మిర్చి రేటు ఇదే అని యార్డుకెళ్లి అడగబాకండి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ రాసేదంతా ఆర్డర్‌వారీ కాస్టింగ్ గురించి, అంటే సెటిల్‌మెంట్ రూల్‌లో FUL అని ఉండే ఆర్డర్ల గురించి. PER అని ఉంటే అది పీరియడ్‌వారీ పద్ధతి, అక్కడ డబ్ల్యూఐపీని, అంటే ఫ్లోర్ మీద ఇంకా సగంలో ఉన్న సరుకు విలువని, టార్గెట్ కాస్ట్ మీద కడతారు, వేరియన్స్, అంటే అవ్వాల్సిన ఖర్చుకీ అయిన ఖర్చుకీ తేడా, ప్రతి నెలా తేలుతుంది, ఆ కథ వేరు. CO02లో ఆర్డర్ తెరిచి సెటిల్‌మెంట్ రూల్ చూస్తే మీది ఏదో అర నిమిషంలో తెలిసిపోతుంది.

అసలు సిస్టమ్ దేన్ని చూసి నిర్ణయిస్తుంది

చాలామంది అనుకునేది, సిస్టమ్ ఎంత శాతం పని అయిందో చూసి డబ్ల్యూఐపీ కడుతుందని. అస్సలు కాదు. FUL ఆర్డర్‌లో అది చూసేది స్టేటస్ ఒక్కటే. ఆర్డర్ రిలీజ్ అయ్యి REL ఉండి, ఇంకా సరుకంతా వచ్చేసిందని చెప్పే DLV గానీ, పని ముగిసిందని చెప్పే TECO గానీ పడకపోతే, ఆర్డర్ మీద పడ్డ ఖర్చులోంచి స్టాక్‌లోకి వచ్చిన సరుకు విలువ తీసేసి మిగిలిందంతా డబ్ల్యూఐపీ అంటుంది. DLV లేదా TECO పడిందా, అదే మిగులుని వేరియన్స్ అంటుంది. అదే డబ్బు, అదే ఆర్డర్, పేరు మాత్రం స్టేటస్‌ని బట్టి మారిపోతుంది. డబ్ల్యూఐపీ అయితే బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుంటుంది, వేరియన్స్ అయితే లాభనష్టాల్లోకి పోతుంది. మిల్లు హాపర్‌లో నిజంగా మిర్చి ఉందా లేదా అనేది సిస్టమ్‌కి ఎవరు చెబుతారు? మనమే, స్టేటస్ ద్వారా.

మన ఆర్డర్

1,000 కిలోల కారం ఆర్డర్, మార్చి 2025 ఆఖరి వారంలో రిలీజ్ చేశాం. స్టాండర్డ్ కాస్ట్ ఎలా కట్టి ఉందంటే: తొడిమతో ఉన్న మిర్చి 1,100 కిలోలు, కిలో 200 చొప్పున 2,20,000. క్లీనింగ్, గ్రైండింగ్ కలిపి 10 గంటలు, గంటకి 900 చొప్పున 9,000. మెటీరియల్ మీద 5 శాతం ఓవర్‌హెడ్, 11,000. మొత్తం 2,40,000, అంటే కిలో కారం స్టాండర్డ్ ధర 240. వంద కిలోలు ఎక్కువ మిర్చి ఎందుకంటే తొడిమలు పోతాయి, తాలు కాయలు ఏరితే పోతాయి, తేమ పోతుంది, కొంచెం మిషన్‌లోనూ గాల్లోనూ పోతుంది.

కారం ప్రైస్ కంట్రోల్ S, అంటే ఎప్పుడు స్టాక్‌లోకి వచ్చినా 240కే వస్తుంది. మిర్చి మాత్రం V, అంటే మూవింగ్ యావరేజ్. యార్డులో రేటు పెరిగింది కాబట్టి మనం ఇష్యూ చేసే టైముకి అది 210 అయి కూర్చుంది.

మార్చి 31కి పరిస్థితి ఇది. మిర్చి 1,110 కిలోలు ఇష్యూ అయింది, 6 గంటల మిషన్ టైము కన్ఫర్మ్ చేశారు, 600 కిలోల కారం గోదాంలోకి వచ్చింది. మిగతాది ఇంకా ఫ్లోర్ మీదే ఉంది, కొంత నూరి కుప్పగా, కొంత తొడిమ తీసి బస్తాల్లో.

మొదట ఫ్లోర్ సర్దండి, సిస్టమ్ తర్వాత

క్లోజింగ్ రన్‌లు వేయకముందు ఆ నెల కదలికలన్నీ లోపల పడ్డాయా లేదా చూడాలి. చూడాల్సిన చోట్లలో అన్నిటికంటే ముఖ్యమైనది COGI. బ్యాక్‌ఫ్లష్ పెట్టుకున్న కంపెనీల్లో కన్ఫర్మేషన్ వేసినప్పుడు మిర్చి ఇష్యూ దానంతట అదే జరగాలి, కానీ ఆ స్టోరేజ్ లొకేషన్‌లో 1,110 కిలోలు అవసరమై 1,060 మాత్రమే ఉంటే ఇష్యూ ఫెయిలై COGIలో ఇరుక్కుంటుంది, కన్ఫర్మేషన్ మాత్రం ఏమీ ఎరగనట్టు సేవ్ అయిపోతుంది. పైనున్న సూపర్‌వైజర్‌కి ఎర్రర్ కనపడదు, అతను అయిపోయిందనుకుని టీకి వెళ్లిపోతాడు.

దాని ఫలితం మన ఆర్డర్‌లో ఎలా కనపడుతుందో చూడండి. మిర్చి ఇష్యూ పడలేదు, దాని మీద ఓవర్‌హెడ్ కూడా పడలేదు, 6 గంటల 5,400 మాత్రం పడింది, 600 కిలోల రిసీట్‌కి 1,44,000 క్రెడిట్ పడింది. ఆర్డర్ బ్యాలెన్స్ మైనస్ 1,38,600. డబ్ల్యూఐపీ మైనస్‌లో ఉండదు కదా, అందుకని సిస్టమ్ దీన్ని రిజర్వ్స్ ఫర్ అన్‌రియలైజ్డ్ కాస్ట్స్ అనే ఇంకో ఖాతాలోకి తోస్తుంది. అంటే సరుకు వచ్చింది, ఖర్చు ఇంకా రావాలి అని దానర్థం. నిజంగా రావాల్సిన ఖర్చు ఉన్న ఆర్డర్లు ఉంటాయి, కాదనను, కానీ మా అనుభవంలో ఆ రిజర్వ్ కనపడితే పదింట తొమ్మిది సార్లు COGIలో ఏదో చచ్చి పడి ఉంటుంది. అందుకే నేను డబ్ల్యూఐపీ లిస్టులో ముందు వెతికేది రిజర్వ్ లైన్లే.

COGI ఖాళీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పోస్టింగ్ డేట్ పాత నెలదే ఉంచి రీప్రాసెస్ చేయాలి, మెటీరియల్ పీరియడ్ ముందుకు జరిగిపోయి ఒక్క వెనక నెలే తెరిచి ఉంటుంది, అది కూడా మూసేశాక ఇక మార్చి తారీఖుతో పడదు. ఏప్రిల్ తారీఖుతో పడితే మార్చి ఆర్డర్ ఖర్చు ఏప్రిల్‌కి పోయి, మార్చిలో ఆ మైనస్ అట్టాగే మిగిలిపోతుంది.

ఇంకోటి, స్టోర్స్ వాళ్లతో 31 సాయంత్రం ఫ్లోర్ మీద నడవండి. మాటల్లో చెప్పినంత ఈజీ కాదు కారం ఫ్లోర్‌లో నడవడం, కర్చీఫ్ లేకుండా వెళ్తే ముప్పావు గంట తుమ్ముకుంటూ బయటికొస్తారు, కానీ పని అవుతుంది. ఆర్డర్ నంబరు రాసిన బస్తా ఉందా, ఎంత ఉంది, అంతే చూడాల్సింది. దాన్ని COOISలో REL ఆర్డర్లు, సరుకు కొంతే వచ్చిన PDLV ఆర్డర్ల లిస్టుతో కలపండి.

రన్‌ల వరస

```
COGI   ఇరుక్కున్న కదలికలు
CON2   అసలు యాక్టివిటీ రేట్లతో రీవాల్యుయేషన్
CO43   ఓవర్‌హెడ్
KKAO   డబ్ల్యూఐపీ
KKS1   వేరియన్స్
CO88   సెటిల్‌మెంట్
```

ఈ వరస మారితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే KKAO ఆ క్షణానికి ఆర్డర్ మీద ఉన్న ఖర్చునే చూస్తుంది. ముందు డబ్ల్యూఐపీ వేసి తర్వాత CO43 వేస్తే ఓవర్‌హెడ్ 11,655 డబ్ల్యూఐపీలోకి రాదు. తప్పు తెలిశాక KKAO మళ్లీ వేయొచ్చు, సెటిల్ చేయకముందు ఎన్నిసార్లు వేసినా పర్లేదు, సెటిల్ చేశాక కూడా మళ్లీ వేసి సెటిల్ చేస్తే తేడా మాత్రమే పోస్ట్ అవుతుంది.

CON2 మీకు అవసరమా కాదా అనేది మీరు యాక్టివిటీకి నెలాఖరున అసలు రేటు లెక్కకడతారా లేదా అన్నదాన్ని బట్టి. మా ఫ్యాక్టరీలో 900 ప్లాన్ రేటే వాడతాం, మిగిలిన తేడా కాస్ట్ సెంటర్‌లోనే వదిలేస్తాం, అందుకని ఈ స్టెప్ దాటేస్తాం.

CO43 వేశాక మన ఆర్డర్ మీద మిర్చికి 2,33,100, దాని మీద 5 శాతం 11,655 పడతాయి.

KKAO: డబ్ల్యూఐపీ

ప్లాంట్, పీరియడ్, ఫిస్కల్ ఇయర్, రిజల్ట్స్ అనాలిసిస్ వెర్షన్ ఇవ్వాలి. ఇక్కడే కొత్తవాళ్లు తప్పుతారు. మన దేశంలో చాలా కంపెనీలు వాడే V3 వేరియంట్‌లో ఏప్రిల్ ఒకటో పీరియడ్, మార్చి పన్నెండోది, సంవత్సరమేమో మొదలైన ఏడాది పేరుతో పిలుస్తారు. కాబట్టి మార్చి 2025కి పీరియడ్ 12, ఫిస్కల్ ఇయర్ 2024 అని ఇవ్వాలి. 2025 అని కొడితే అది మార్చి 2026 అవుతుంది. మొదటిసారి టెస్ట్ రన్ టిక్ పెట్టే వేయండి.

మన ఆర్డర్ లెక్క:

```
2,33,100 + 5,400 + 11,655 - 1,44,000 = 1,06,155
```

ఈ 1,06,155 లోపల ఏముందో గమనించండి. రావాల్సిన 400 కిలోలకి స్టాండర్డ్‌లో 96,000 అవ్వాలి, అందులోనూ పని ఇంకా మిగిలే ఉంది, అయినా డబ్ల్యూఐపీ అంతకన్నా ఎక్కువ చూపిస్తోంది. ఎందుకంటే మొదటి 600 కిలోలు కూడా ఖరీదైన మిర్చితోనే చేశాం, కానీ స్టాక్‌లోకి 240కే పంపాం. ఆ తేడా కూడా డబ్ల్యూఐపీలో దాక్కుని ఉంది. FUL పద్ధతికి ఉన్న పరిమితి ఇదే, ఆర్డర్ ముగిసే దాకా జరిగిపోయిన నష్టం కూడా బ్యాలెన్స్ షీట్ మీద ఆస్తిలా కూర్చుంటుంది. ఆర్డర్లు రెండు మూడు రోజుల్లో ముగిసే ఫ్యాక్టరీలో ఇది పట్టించుకోనక్కర్లేదు, నెలలు సాగే పెద్ద ఆర్డర్లున్న చోట మాత్రం ఆడిటర్ ఊరుకోడు.

లిస్టులో మీ ఆర్డర్ అసలు రాకపోతే, CO02లో కంట్రోల్ ట్యాబ్ తెరిచి రిజల్ట్స్ అనాలిసిస్ కీ ఉందా చూడండి. అది ఆర్డర్ టైపు, ప్లాంటు కలయిక మీద పెట్టిన డిఫాల్ట్ నుంచి వస్తుంది, కొత్త ఆర్డర్ టైపు తయారుచేసినప్పుడు అక్కడ ఖాళీ వదిలేస్తే ఆర్డర్లన్నీ కీ లేకుండానే పుడతాయి, ఒక్క ఎర్రర్ కూడా రాదు. ఒక్క ఆర్డర్‌ని చూడాలంటే KKAX వాడండి, ఖర్చు లైన్లు విడిగా చూడాలంటే KOB1.

సెటిల్ చేశాక జీరో కాలేదేంటి

KKAO ఏమీ పోస్ట్ చేయదు, లెక్క మాత్రమే రాస్తుంది. పుస్తకాల్లో పడేది CO88లో. డబ్ల్యూఐపీ స్టాక్ ఖాతా డెబిట్ 1,06,155, డబ్ల్యూఐపీ మార్పు ఖాతా క్రెడిట్ 1,06,155. ఈ క్రెడిట్ లాభనష్టాల ఖాతాలోది, దాంతో మిర్చి వాడకం ఖర్చు ఆ మేరకు మార్చి నెల మీద భారం కాకుండా ఆగుతుంది.

ఇప్పుడు KKBC_ORDలో ఆర్డర్ తెరిస్తే బ్యాలెన్స్ ఇంకా 1,06,155 అనే చూపిస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఇది చూసి CO88 నాలుగుసార్లు వేశాడు. "సార్, తీసుకోవట్లేదు సార్, సర్వర్ స్లోగా ఉందేమో" అన్నాడు. సర్వర్‌కేం కాలేదు. డబ్ల్యూఐపీ సెటిల్‌మెంట్ ఆర్డర్‌ని క్రెడిట్ చేయదు, అది ఫైనాన్స్ ఖాతాల్లోనే జరుగుతుంది, ఆర్డర్ మీద ఖర్చు అలాగే ఉండాలి, ఉంటేనే వచ్చే నెల లెక్క సరిగ్గా వస్తుంది. కాబట్టి డబ్ల్యూఐపీ ఆర్డర్‌కి సరిపోయిందో లేదో ఆర్డర్‌లో చూడకండి. KKAO లిస్టు మొత్తాన్ని, FAGLB03లో డబ్ల్యూఐపీ ఖాతా బ్యాలెన్స్‌ని పక్కపక్కన పెట్టండి. రెండూ పైసాతో సహా కలవాలి. కలవలేదంటే ఎవరో ఆ ఖాతాకి చేత్తో జర్నల్ వేశారు, లేదా KKAO మళ్లీ వేసి CO88 మర్చిపోయారు.

CO88లో ప్లాంట్, సెటిల్‌మెంట్ పీరియడ్, ఫిస్కల్ ఇయర్, ప్రాసెసింగ్ టైప్ ఆటోమేటిక్. పోస్టింగ్ పీరియడ్ ఖాళీగా వదిలేయండి, అది సెటిల్‌మెంట్ పీరియడ్‌నే తీసుకుంటుంది. పీరియడ్ మూసి ఉందని ఎర్రర్ వస్తే ఫైనాన్స్ వైపు OB52, కంట్రోలింగ్ వైపు OKP1 రెండూ చూడాలి, ఒకటి తెరిచి రెండోది మర్చిపోవడం మామూలే.

ఏప్రిల్: ఆర్డర్ ముగింపు

ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో 5 గంటలు నూరారు, 4,500. కారం ఇంకో 380 కిలోలు వచ్చింది. మొత్తం 980. ఇరవై కిలోలు తక్కువ. కొత్త మిర్చి ఇష్యూ లేదు కాబట్టి ఓవర్‌హెడ్ కూడా లేదు.

ఇక్కడే అసలు గొడవ మొదలవుతుంది. 1,000 ఆర్డర్‌కి 980 వస్తే, ఆర్డర్‌లో తక్కువ డెలివరీ టాలరెన్స్ పెట్టకపోతే సిస్టమ్ DLV వేయదు. PDLV దగ్గరే ఆగిపోతుంది, ఇంకో 20 కిలోలు వస్తాయని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తూ ఉంటుంది. రావు. ఎవరో ఒకరు రిసీట్ వేసేటప్పుడు డెలివరీ కంప్లీటెడ్ టిక్ పెట్టాలి, లేదా CO02లో TECO చేయాలి. చేయకపోతే ఆ ఆర్డర్ ప్రతి నెలా డబ్ల్యూఐపీ లిస్టులో వస్తూనే ఉంటుంది, ఫ్లోర్ మీద చీపురుతో ఊడ్చినా గరిటెడు కారం దొరకదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట ఇట్లాంటి ఆర్డర్లు అక్టోబర్ నుంచి పేరుకుపోయాయి. మార్చి ఆఖర్లో ఆడిటర్ లిస్టు పట్టుకుని "ఈ సరుకు చూపించండి" అన్నాడు. నేను ప్రొడక్షన్ చూసే ఆయనకి ఫోన్ చేస్తే "అన్నా, అవి ఎప్పుడో అయిపోయినయ్ గదా, దసరాకే పంపేశాం" అన్నాడు ఆయన. అయిపోయిన సంగతి అందరికీ తెలుసు, సిస్టమ్‌కి తప్ప. ఐదు నెలల వేరియన్స్ అంతా ఒక్క మార్చి నెల మీద పడింది, ఆ నెల లాభం చూసి పై వాళ్ల మొహాలు చూడాలి.

అందుకని ఒక అలవాటు పెట్టుకోండి. KKAO లిస్టులో రిసీట్ ఆర్డర్ క్వాంటిటీలో 95 శాతం దాటి, చివరి కదలిక జరిగి పదిహేను రోజులు దాటిన ఆర్డర్లన్నీ విడిగా తీసి సూపర్‌వైజర్‌కి పంపించండి. ఈ హద్దులు నేను పెట్టుకున్నవి, మీ సరుకుకి తగ్గట్టు మార్చుకోండి. టాలరెన్స్ పెట్టేయొచ్చు కదా అంటారు, పెట్టొచ్చు, కానీ 5 శాతం పెడితే 950 కిలోలు రాగానే DLV పడిపోతుంది, మిగతా 50 ఇంకా మిషన్‌లో ఉన్నా సరే.

దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది, తొందరపడి TECO చేయడం. లిస్టు చిన్నగా కనపడాలని మార్చి 31న మన ఆర్డర్‌ని ఎవరో TECO చేశారనుకోండి. అప్పుడు ఆ 1,06,155 డబ్ల్యూఐపీ కాదు, వేరియన్స్. మొత్తం మార్చి లాభనష్టాల్లోకి పోతుంది. TECO చేసినంత మాత్రాన ఆర్డర్ మీద పోస్టింగ్‌లు ఆగవు, ఆర్డర్‌ని పూర్తిగా మూసే CLSD స్టేటస్ పడేదాకా పడతాయి, కాబట్టి ఏప్రిల్‌లో 4,500 ఖర్చు, 91,200 రిసీట్ పడి మైనస్ 86,700 వేరియన్స్ వస్తుంది. రెండు నెలలూ కలిపితే 19,455, అది సరైన అంకే, కానీ మార్చి నష్టపోయినట్టూ ఏప్రిల్‌లో అద్భుతం జరిగినట్టూ కనపడుతుంది, పైగా మధ్యలో ఆర్థిక సంవత్సరం మారింది. నెల సెటిల్ చేయకముందే తెలిస్తే TECO వెనక్కి తీసుకోవచ్చు. మేమైతే ముగిసిన నెల CO88 అయ్యేదాకా కొత్త TECOలు వద్దని ప్రొడక్షన్‌కి చెప్పేశాం.

KKS1: ఆ 19,455 ఎక్కడి నుంచి వచ్చింది

సరిగ్గా ఏప్రిల్‌లో TECO చేశాం అనుకుందాం. ముందు ఏప్రిల్ పీరియడ్‌కి KKAO వేయాలి, మర్చిపోకండి, ఎందుకంటే పాత 1,06,155 డబ్ల్యూఐపీని రద్దు చేసేది అదే. ఇప్పుడు పీరియడ్ 1, ఫిస్కల్ ఇయర్ 2025. తర్వాత KKS1. ఆర్డర్ మీద మొత్తం ఖర్చు 2,54,655, రిసీట్లు 980 కిలోలకి 2,35,200. తేడా 19,455.

దీన్ని విడగొట్టడానికి సిస్టమ్ టార్గెట్ కాస్ట్ కడుతుంది, ఆర్డర్ చేసిన 1,000కి కాదు, వచ్చిన 980కి. అంటే మిర్చి 1,078 కిలోలు, మిషన్ 9.8 గంటలు, ఓవర్‌హెడ్ 10,780. దీనికీ జరిగినదానికీ పోలుస్తుంది.

మిర్చి ధర 200 బదులు 210, వాడిన 1,110 కిలోల మీద పది రూపాయల చొప్పున 11,100. ఇది ఇన్‌పుట్ ప్రైస్ వేరియన్స్. ప్రొడక్షన్ వాళ్ల తప్పు ఏమీ లేదు, యార్డు రేటు.

మిర్చి 32 కిలోలు ఎక్కువ వాడాం, పాత ధర 200 చొప్పున 6,400. ఇది ఇన్‌పుట్ క్వాంటిటీ వేరియన్స్. స్క్రీన్ మీద 32 ఒకే అంకెగా వస్తుంది గానీ నేను దాన్ని ఎప్పుడూ రెండుగా విడగొడతాను. పది కిలోలు మనం నిజంగానే ఎక్కువ ఇష్యూ చేశాం, 1,100కి బదులు 1,110. మిగతా 22 కిలోలు మాత్రం ఎక్కువ ఇచ్చినవి కాదు, 20 కిలోల కారం తక్కువ రావడం వల్ల వచ్చినవి, 20 కిలోల కారానికి 22 కిలోల మిర్చి కదా. మొదటిదానికి జవాబు స్టోర్స్‌లో కాటా దగ్గర ఉంటుంది, రెండోదానికి క్లీనింగ్ దగ్గర, అంటే ఆ లాట్‌లో తేమ ఎంత, తాలు ఎంత అనేదాంట్లో. ఇద్దర్నీ కలిపి ఒకే మీటింగ్‌లో అడిగితే ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకుని టీ తాగి వెళ్లిపోతారు. మిర్చి తీసుకునేటప్పుడు లాట్‌వారీ తేమ రాసిపెట్టుకుంటే ఈ 4,400 ఎవరిదో తేలుతుంది, లేకపోతే తేలదు.

మిషన్ 11 గంటలు నడిచింది, టార్గెట్ 9.8, తేడా 1.2 గంటలకి 1,080, ఇది కూడా క్వాంటిటీ వేరియన్సే. ఓవర్‌హెడ్‌లో 875 ఎక్కువ పడింది, దానికి ధర, పరిమాణం అని విడిగా ఉండవు కాబట్టి రిమైనింగ్ ఇన్‌పుట్ వేరియన్స్ కింద పోతుంది. అది మిర్చి ఖర్చుకి నీడ లాంటిది, దాన్ని విడిగా ఎవర్నీ అడగాల్సిన పని లేదు. నాలుగూ కూడితే 19,455 వస్తుంది, కూడి చూసుకోండి.

వేరియన్స్ అసలు రాకపోతే మెటీరియల్ మాస్టర్ కాస్టింగ్ 1 వ్యూలో వేరియన్స్ కీ ఉందా చూడండి. ఆర్డర్ పుట్టినప్పుడు అది అక్కడి నుంచే వస్తుంది, మాస్టర్‌లో ఇప్పుడు పెడితే పాత ఆర్డర్లకి దానంతట అది రాదు. మొత్తం వేరియన్స్ వస్తుంది కానీ ప్రైస్, క్వాంటిటీ విడిపోకుండా ఒకే లైన్‌లో కుప్ప పడితే, ఆ మెటీరియల్‌కి రిలీజ్ అయిన స్టాండర్డ్ కాస్ట్ ఎస్టిమేట్ ఉందా, లేక ఎవరైనా 240ని చేత్తో కొట్టేశారా చూడండి. వివరాలతో కట్టిన ఎస్టిమేట్ లేకపోతే పోల్చడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

తర్వాత CO88. ఈసారి రెండు పనులు చేస్తుంది. డబ్ల్యూఐపీ ఖాతా క్రెడిట్, మార్పు ఖాతా డెబిట్, 1,06,155 వెనక్కి. ప్రైస్ డిఫరెన్స్ ఖాతా డెబిట్ 19,455, ఫ్యాక్టరీ అవుట్‌పుట్ ఖాతా క్రెడిట్. ఇప్పుడు KKBC_ORD చూడండి, ఈసారి నిజంగా జీరో.

ఒక పరిమితి చెప్పాలి. యార్డు నుంచి తెచ్చిన మిర్చికి లారీ కిరాయి బిల్లో, హమాలీ, కమీషన్ బిల్లో ఆలస్యంగా వచ్చి, ఆ మిర్చి అప్పటికే మిల్లులోకి వెళ్లిపోయి ఉంటే ఆ డబ్బు మన ఆర్డర్‌కి రాదు. గోదాంలో మిగిలిన మిర్చి మీదకి ఎక్కుతుంది, స్టాక్ చాలకపోతే నేరుగా ప్రైస్ డిఫరెన్స్‌కి పోతుంది. అంటే 11,100 అనేది నిజమైన ధర తేడా కంటే తక్కువే అయి ఉండొచ్చు. సీజన్‌లో బిల్లులు ఆలస్యమయ్యే చోట వేరియన్స్ తక్కువొచ్చిందని సంబరపడే ముందు పెండింగ్ బిల్లులు చూసుకోండి.

ఇంకా అమ్ముడుపోని కారం సంగతి

ప్రైస్ డిఫరెన్స్ ఖాతా లాభనష్టాల్లోది. యాక్చువల్ కాస్టింగ్ ఆన్ చేసుంటే నెలాఖరున మెటీరియల్ లెడ్జర్ ఈ తేడాని అమ్మిన సరుకుకీ, మిగిలిన స్టాక్‌కీ పంచుతుంది. ఎస్/4హానాలో మెటీరియల్ లెడ్జర్ తప్పనిసరి, కానీ యాక్చువల్ కాస్టింగ్ తప్పనిసరి కాదు, చాలా చోట్ల ఆన్ చేయరు. రెండూ ఒకటే అనుకుని మోసపోయినవాళ్లని చూశాను.

ఆన్ చేయకపోతే ఈ పని మనమే చేయాలి. స్టాండర్డ్ కాస్ట్‌తో స్టాక్ చూపించొచ్చు గానీ అది అసలు ఖర్చుకి దగ్గరగా ఉండాలని అకౌంటింగ్ స్టాండర్డ్ అంటుంది. ఏప్రిల్ ఆఖరికి 980 కిలోల్లో 490 గోదాంలోనే ఉందనుకోండి. 19,455లో సగం, 9,727.50, కళ్లు మూసుకుని స్టాక్‌కి ఎక్కించేస్తారు కొందరు. అది తప్పు కావచ్చు. ధర తేడా 11,100లో సగం, 5,550, స్టాక్‌కి ఎక్కించొచ్చు, ఎందుకంటే మిర్చికి నిజంగా అంత పెట్టాం, దాని వెంట వచ్చే ఓవర్‌హెడ్ కూడా ఆ వాటా మేరకి చూసుకోవచ్చు. కానీ 32 కిలోల నష్టంలో మామూలుగా పోయేది కాకుండా అసాధారణంగా పోయింది ఎంత ఉందో, అది స్టాక్ విలువలోకి రాకూడదు, ఆ నెల నష్టంగానే ఉండాలి. ఏది మామూలు, ఏది అసాధారణం అనేది సిస్టమ్ చెప్పదు, ఆ లాట్ తేమ కాగితం చెబుతుంది. ఈ ఎంట్రీకి విడిగా ఒక స్టాక్ సర్దుబాటు ఖాతా పెట్టుకోండి, మెటీరియల్ స్టాక్ ఖాతాకి చేత్తో వేయబోతే సిస్టమ్ ఒప్పుకోదు, ఒప్పుకునేలా మార్చినా మెటీరియల్ విలువతో ఖాతా కలవదు. మే ఒకటిన దాన్ని రివర్స్ చేసి, మే ఆఖరున మిగిలిన కిలోలతో మళ్లీ కట్టండి.